పనిడబ్బు, ఇంటిడబ్బు: ఒక ఫోటోగ్రాఫర్ మాఘమాసం లెక్క

మాఘమాసం పెళ్లిళ్లు అయిపోయాయి. విజయవాడలో సొంతంగా పెళ్లి ఫోటోలు, వీడియోలు తీస్తూ సంసారం నడుపుకునే ఒక ఫోటోగ్రాఫర్, ఫిబ్రవరి నెలాఖరు రాత్రి ఫోన్లో బ్యాంకు ఖాతా తెరిచి చూస్తున్నాడనుకుందాం. నెల మొదట్లో ఖాతాలో 22,000 రూపాయలు ఉన్నాయి. నెలంతా కలిపి 3,14,000 వచ్చింది. ఇప్పుడు చూస్తే 35,000 ఉన్నాయి.

"ఇన్ని రోజులు నిద్ర లేకుండా తిరిగితే మనకు మిగిలింది పదమూడు వేలేనా?" అని భార్య అడిగింది. అతను ఏమీ చెప్పలేకపోయాడు.

ఖాతాలో పెరిగింది పదమూడు వేలే, నిజం. కానీ ఆ నెల అతని సంపాదన 13,000 కాదు, 1,50,000. అంతమాత్రాన నిశ్చింతగా ఉండే పరిస్థితీ కాదు. ఏప్రిల్‌లో పెళ్లి చేసుకోబోయే మూడు జంటల డబ్బులో కొంత అతను అప్పుడే వాడేసుకున్నాడు. ఈ రెండు సంగతులూ బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించవు. కనిపించాలంటే అందులోని ప్రతి పద్దునూ విడదీసి, అది పనిదా ఇంటిదా అని తేల్చాలి. ఆ ఒక్క నెల లెక్కను మొదటినుంచి చివరిదాకా విప్పి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను కూర్చినవి. అందులోని చిక్కులు మాత్రం డిజైనరు, అనువాదకుడు, ట్యూషన్ మాస్టారు, ఇలా సొంతంగా పనిచేసుకునే చాలామంది ఖాతాల్లో ఉండేవే.

ఒకే మనిషి, రెండు పద్దులు

కిరాణా కొట్టు యజమాని సాయంత్రం ఇంటికి వెళ్తూ కొట్లోంచి కిలో కందిపప్పు పట్టుకెళ్లాడు. కొట్లో ఒక కిలో తగ్గింది. అది అమ్మకం కాదు, ఎవరూ డబ్బివ్వలేదు. నష్టం కాదు, పప్పు పాడవలేదు. వ్యాపారం కోసం పెట్టిన ఖర్చూ కాదు. యజమాని తన సొత్తులోంచి కొంత తన ఇంటికి తీసుకెళ్లాడు, అంతే. ఇంటర్మీడియెట్ కామర్స్ పుస్తకంలో దీనికి చక్కటి పేరుంది: సొంతవాడకాలు. ఆడిటర్లు డ్రాయింగ్స్ అంటారు.

సొంతవాడకం లాభాన్ని తగ్గించదు, మూలధనాన్ని తగ్గిస్తుంది. పప్పు ఇంటికి తీసుకెళ్లడం వల్ల కొట్టు వ్యాపారం చెడిందని ఎవరూ అనరు కదా. అలాగే ఫోటోగ్రాఫర్ తన కూతురి స్కూలు ఫీజు కట్టినందువల్ల ఆ నెల పెళ్లిళ్ల మీద వచ్చిన లాభం తగ్గదు. లాభం ముందు పుట్టింది. దాన్ని ఇంటికి వాడుకోవడం ఆ తర్వాత జరిగింది. ఈ రెండింటినీ ఒకే గంపలో పోస్తే పని బాగా నడుస్తోందా, ఇల్లు ఎక్కువ తీసుకుంటోందా అన్నది తేలదు.

చట్టం దృష్టిలో అతనూ అతని పనీ ఒకటే. ఇద్దరికీ ఒకే పాన్ కార్డు. పని మీద చేసిన అప్పుకు అతనే బాధ్యుడు. లెక్కల పుస్తకంలో మాత్రం పనిని ఒక మనిషిగా, అతన్ని ఇంకో మనిషిగా ఊహించుకుని రాస్తారు. సొంతవాడకం తప్పు కాదు, దాచుకోవాల్సిందీ కాదు. సంపాదించేదే ఇంటి కోసం. దాన్ని సొంతవాడకమని పేరు పెట్టి రాయకపోతేనే చిక్కంతా.

వచ్చినదంతా ఆదాయం కాదు

ఆ నెల బ్యాంకులోకి వచ్చిన 3,14,000 ఇవి. మొదటి పెళ్లి మిగులు సొమ్ము 80,000. రెండో పెళ్లి మిగులు సొమ్ములో యూపీఐ ద్వారా వచ్చింది 70,000. ఒక సంస్థ వార్షికోత్సవానికి ఫోటోలు తీసినందుకు 54,000. ఏప్రిల్‌లో ముహూర్తాలున్న మూడు జంటల దగ్గర తీసుకున్న అడ్వాన్సులు 90,000. ఎప్పుడో చేబదులుగా ఇస్తే బావమరిది తిరిగి పంపిన 20,000. ఇవి కాక, రెండో పెళ్లివారు మరో 25,000 నోట్ల రూపంలో చేతికిచ్చారు. అవి బ్యాంకుదాకా వెళ్లనే లేదు.

బావమరిది పంపింది ఆదాయం కాదన్నది తేలిగ్గానే తెలుస్తుంది. అతను ఇంటిడబ్బు చేబదులిచ్చాడు, అది తిరిగి వచ్చింది. పని ఖాతాలో పడింది కాబట్టి యజమాని సొంతడబ్బు తెచ్చి పనిలో పెట్టినట్టు, అంటే మూలధనం కలిపినట్టు రాయాలి.

అడ్వాన్సు దగ్గరే చాలామంది పొరబడతారు. 90,000 ఖాతాలో పడగానే సంపాదించామనిపిస్తుంది. కానీ ఆ పెళ్లిళ్లకు ఇంకా కెమెరా ఎత్తలేదు. రేపు ముహూర్తం తప్పిపోతే, తనకు ఒంట్లో బాగోక వెళ్లలేకపోతే ఆ డబ్బు తిరిగివ్వాలి. అందుకే పని అయ్యేదాకా అడ్వాన్సు మన దగ్గరున్న ఇతరుల డబ్బు. లెక్కలో అది బాకీ వరసలో ఉండాలి. పెళ్లి అయ్యాక ఆ వరసలోంచి తీసి ఆదాయంలోకి మార్చాలి. పన్ను లెక్కను డబ్బు వచ్చిన రోజును బట్టి వేసేవాళ్లూ ఉన్నారు. అది ఆడిటరుతో తేల్చుకోవచ్చు. మన పరిస్థితి మనకు తెలియాలంటే మాత్రం అడ్వాన్సును విడిగానే ఉంచాలి.

ఇదే సూత్రాన్ని వెనక్కి తిప్పి చూడండి. మాఘంలో అయిన రెండు పెళ్లిళ్లకూ నవంబరులో ముప్పై వేల చొప్పున 60,000 అడ్వాన్సు తీసుకున్నాడు. పని ఇప్పుడు పూర్తయింది కాబట్టి ఆ 60,000 ఈ నెల ఆదాయం, డబ్బు ఎప్పుడో అయిపోయినా సరే. అలా చూస్తే మొదటి పెళ్లికి 1,10,000, రెండో పెళ్లికి నగదుతో కలిపి 1,25,000 ఆదాయం.

ఇక సంస్థ ఇచ్చిన 54,000. బిల్లు వేసింది 60,000కి. దాన్ని వృత్తి సేవగా లెక్కగట్టి పది శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది పంపారు. ఆదాయం 54,000 అని రాసుకుంటే తప్పు. ఆదాయం 60,000. మరి ఆ 6,000 ఏమిటి? అది అతని ఆదాయపు పన్నులో ముందుగా కట్టిన భాగం. ఆదాయపు పన్ను మనిషి కట్టేది, పని కట్టేది కాదు. కాబట్టి అది ఖర్చు కాదు, సొంతవాడకం. ఈ పద్దు చేతికి రాలేదు కాబట్టి చాలామంది అసలు రాయరు. రాయకపోతే బిల్లుల మొత్తానికీ, పన్ను శాఖ దగ్గరున్న 26ఏఎస్ పత్రంలోని మొత్తానికీ పొంతన కుదరదు.

మొత్తం కలిపితే ఆ నెల ఆదాయం 1,10,000, 1,25,000, 60,000. అంటే 2,95,000.

పోయినదంతా ఖర్చు కాదు

బ్యాంకులోంచి పోయిన 3,01,000లో కొన్ని పద్దులు చూడగానే తేలిపోతాయి. రెండో కెమెరా పట్టిన కుర్రాడికీ వీడియో తీసిన వాళ్లకీ కూలి 48,000. చేతికొచ్చిన నగదులోంచి వాళ్లకే ఇచ్చిన 10,000 కూడా కలిపితే 58,000. ఆల్బమ్ ప్రింటింగ్ 36,000. ఎడిటింగ్ చేసిపెట్టినవాళ్లకు 24,000. పెళ్లిళ్లకు సామానుతో వెళ్లడానికి కారు కిరాయి 14,000. ఇవి 1,32,000. ఇవన్నీ అసలైన ఖర్చులు. ఆ పనులు ఒప్పుకోకపోతే ఇందులో ఒక్క రూపాయీ పోయేది కాదు.

ఈ ఆఖరి మాటే గీటురాయి. పద్దు చూసి, "ఈ పని లేకపోయినా ఈ డబ్బు పోయేదా?" అని అడగాలి. పోయేదైతే సొంతవాడకం, పోయేది కాకపోతే ఖర్చు. ఇంటి సరుకులు 21,000, స్కూలు ఫీజు 32,000, జీవిత బీమా ప్రీమియం 18,000, ఊళ్లో ఉన్న అమ్మకు పంపిన 8,000 పని లేకపోయినా పోయేవే. బీమా ప్రీమియానికి పాత పన్ను విధానంలో మినహాయింపు దొరుకుతుంది కదా అని దాన్ని ఖర్చులో రాసేవాళ్లున్నారు. ఆ మినహాయింపు మనిషి మొత్తం ఆదాయంలోంచి ఇచ్చేది, పని లాభంలోంచి కాదు.

బట్టలు 9,000. పెళ్లిళ్లలో నలుగురిలో తిరగాలి, మంచి చొక్కాలు కావాలి కదా అంటాడతను. కానీ ఆ చొక్కాలు వేసుకుని సినిమాకూ వెళ్తాడు. మామూలుగా వేసుకోగల బట్టలు సొంతవాడకమే. సహాయకులందరికీ పేరు అచ్చువేయించి ఇచ్చిన టీషర్టులైతే ఖర్చు. భోజనం సంగతీ ఇంతే. రాజమండ్రి వెళ్లి రాత్రంతా పెళ్లి తీసినప్పుడు బృందం తిన్నది పని ఖర్చు. ఊళ్లో ఉన్నరోజు మధ్యాహ్నం హోటల్లో తిన్న భోజనం ఇంటిదే, ఎందుకంటే పని ఉన్నా లేకపోయినా అన్నం తింటాడు.

అన్నిటికంటే పెద్ద పద్దు కొత్త లెన్సు, 62,000. ఇది ఖర్చూ కాదు, సొంతవాడకమూ కాదు. డబ్బు పోలేదు, రూపం మార్చుకుంది. నిన్న బ్యాంకులో ఉన్నది ఇవాళ సంచిలో ఉంది. అది ఆస్తి. ఏళ్లతరబడి వాడుకునే వస్తువు ధరనంతా ఒక్క నెల మీద మోపితే ఆ నెల నష్టంగా, తర్వాతి నెలలన్నీ అబద్ధపు లాభంగా కనిపిస్తాయి. అందుకే వాడుతున్న కాలమంతటికీ పంచాలి. దాన్నే తరుగుదల అంటారు. కొత్త లెన్సుతో కలిపి మన ఫోటోగ్రాఫర్ సరంజామా అంతా మూడు లక్షలది, ఐదేళ్లు వస్తుందనుకుందాం. అరవై నెలలకు పంచితే నెలకు 5,000. ఆ 5,000 చేతిలోంచి పోదు గాని, ఖర్చే. ఐదేళ్ల తర్వాత కొత్త కెమెరా కొనాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసొస్తుంది. పన్ను లెక్కలో తరుగుదల శాతాలు వేరుగా ఉంటాయి. ఇది మన సొంత అంచనా కోసం.

మిగిలింది ఏటీఎం నుంచి తీసిన 6,000. దేనికి వాడాడో గుర్తులేదు. గుర్తులేనిది సొంతవాడకం. ఈ నియమం కఠినంగా అనిపించవచ్చు, కానీ దీన్ని సడలిస్తే "ఇతర ఖర్చులు" అనే పద్దు పుట్టి, గుర్తులేనివన్నీ దానిలోకి చేరతాయి. చేతికొచ్చిన నగదులో ఇంట్లో ఇచ్చిన 15,000 కూడా సొంతవాడకమే. బ్యాంకుకు వెళ్లలేదు కాబట్టి అది వచ్చినట్టూ లేదు, పోయినట్టూ లేదు అనుకుంటే ఆదాయమూ తగ్గిపోతుంది, ఇంటి ఖర్చూ తగ్గిపోతుంది. రెండూ తప్పులే.

సగం పనికి, సగం ఇంటికి

ఇక మూడు పద్దులు మిగిలాయి. బండి పెట్రోలు 6,000, ఫోనూ ఇంటర్నెట్టూ కలిపి 2,000, ఇంటద్దె 15,000. వీటికి గీటురాయి సరిపోదు. ఇవి రెండు వైపులకీ చెందినవి. ఇక్కడ మనసుకు తోచిన అంకె వేయకూడదు, కొలత కావాలి.

పెట్రోలుకు కొలత కిలోమీటర్లు. ఒక నెలరోజులు బండి మీటరు చూసి, పనిమీద వెళ్లినప్పుడల్లా తేదీ, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు అని మూడు మాటలు రాసుకుంటే చాలు. తొమ్మిది వందల కిలోమీటర్లు తిరిగితే అందులో ఆరు వందలు పనివని తేలిందనుకుందాం. మూడింట రెండు వంతులు, అంటే 4,000 ఖర్చు, 2,000 సొంతవాడకం. అద్దెకు కొలత స్థలం. ఐదు వందల చదరపు అడుగుల ఇంట్లో వంద అడుగుల గదిని ఎడిటింగ్‌కే ఉంచుకున్నాడు. ఐదో వంతు, 3,000 ఖర్చు. ఆ గదిలో రాత్రిళ్లు పిల్లలు పడుకుంటే ఈ లెక్క నిలవదు. ఫోనుకు అంత కచ్చితమైన కొలత లేదు. ఒక నెల కాల్స్ చూసుకుని సగమని పెట్టుకున్నాడు, 1,000.

ఒకసారి నిష్పత్తి పెట్టుకున్నాక అది ఎలా వచ్చిందో పుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యంలో రాసిపెట్టుకుని, ఏడాదంతా అదే వాడాలి. లాభం ఎక్కువ వచ్చిన నెలలో పెట్రోలు తొంభై శాతం పనిదే అనడం, తక్కువ వచ్చిన నెలలో సగమనడం చేస్తే ఒక నెలను ఇంకో నెలతో పోల్చి చూడలేం. ఇల్లు మారినా, బండి మారినా అప్పుడు మళ్లీ కొలవాలి.

లాభం ఉంది, డబ్బు లేదు

ఇప్పుడు కూడదాం. అసలైన ఖర్చులు 1,32,000, పంచిన వాటిలో పనివంతు 8,000, మొత్తం 1,40,000. తరుగుదల 5,000. ఆదాయం 2,95,000లోంచి ఇవి తీసేస్తే లాభం 1,50,000. భార్య అడిగిన ప్రశ్నకు జవాబిది.

సొంతవాడకాలు కూడితే, సరుకులు మొదలుకుని అద్దెలో ఇంటివంతు దాకా 1,24,000. టీడీఎస్ 6,000 కలిపితే 1,30,000. బావమరిది డబ్బు రూపంలో వెనక్కి తెచ్చింది 20,000. లాభం 1,50,000, వాడింది 1,30,000, తెచ్చింది 20,000. అంటే పనిలో అతని సొత్తు నెలలో 40,000 పెరిగి ఉండాలి.

పెరిగిందా? ఇక్కడే లెక్క తనను తాను పరీక్షించుకుంటుంది. బ్యాంకులో 13,000 పెరిగింది. సరంజామా విలువ 62,000 పెరిగి, తరుగుదల కింద 5,000 తగ్గింది, నికరంగా 57,000. రెండూ కలిపి 70,000. మరోవైపు అడ్వాన్సుల బాకీ కొత్తగా 90,000 చేరి, పాత 60,000 తీరింది, నికరంగా 30,000 పెరిగింది. 70,000లోంచి 30,000 తీస్తే 40,000. రెండు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరాం. ఒక పద్దు వదిలేసినా, రెండుసార్లు రాసినా ఈ రెండూ కలవవు. ఖర్చును సొంతవాడకంగా, సొంతవాడకాన్ని ఖర్చుగా రాస్తే మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు. మొత్తాలు కలుస్తాయి గాని లాభం తప్పుతుంది. అక్కడ గీటురాయే దిక్కు.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. ఏప్రిల్ జంటలవి 90,000 అతని దగ్గర ఉండాలి. బ్యాంకులో ఉన్నది 35,000. తక్కువైన 55,000 లెన్సులోకీ స్కూలు ఫీజులోకీ వెళ్లిపోయింది. ఏప్రిల్ ముహూర్తాలకు సహాయకుల కూలి, కారు కిరాయి ముందే ఇవ్వాలి. అప్పుడు మే నెల పెళ్లివారి అడ్వాన్సు తీసి ఏప్రిల్ పెళ్లికి వాడతాడు. ముహూర్తాలు వరసగా ఉన్నంతకాలం ఈ చక్రం తిరుగుతుంది. ఆషాఢం వస్తుంది, కొత్త అడ్వాన్సులు ఆగిపోతాయి. ఏ ఏడాదైనా గురుమూఢమో శుక్రమూఢమో తోడైతే ఆ ఖాళీ ఇంకా పొడవవుతుంది. అప్పుడు పనికి వడ్డీ అప్పు తెస్తాడు. లాభం వస్తున్న పనికి అప్పు ఎందుకు అవసరమైందో అతనికి అర్థం కాదు.

రెండు ఖాతాలు, ఒక జీతం

దీనికి మందు రెండో బ్యాంకు ఖాతా. పాతది ఇంటికి వదిలేసి కొత్తది పనికి పెట్టుకోవాలి. బ్యాంకులు వ్యాపారానికి కరెంటు ఖాతా తెరవమంటాయి. దానికి అడిగే పత్రాల్లో ఉద్యం నమోదు ఒకటి, అది ఆధార్‌తో ఉచితంగా చేసుకోవచ్చు. యూపీఐ యాప్‌లో రెండు ఖాతాలనూ కలుపుకుని, డబ్బు తీసుకునేందుకు పని ఖాతానే ఎంచుకోవాలి. పెళ్లివారికి చూపే క్యూఆర్ కోడ్ దానిదే ఉండాలి. నగదు ఇస్తే ముందు పని ఖాతాలో వేసి, తర్వాతే వాడాలి. చేతి నుంచి చేతికి పోయిన నోట్లే లెక్కలో ఎక్కువగా తప్పిపోతాయి.

తర్వాత, పని ఖాతాలోంచి ఇంటి ఖాతాకు నెలకోసారి, ఒకే తేదీన, ఒకే మొత్తం పంపాలి. దాన్ని జీతమని పిలుచుకున్నా ఫరవాలేదు గాని, రాసేటప్పుడు సొంతవాడకమనే రాయాలి. తనకు తాను ఇచ్చుకున్న జీతం ఖర్చు కాదు. ఎంత పంపాలి? పోయిన ఏడాది సొంతవాడకాలన్నీ, స్కూలు ఫీజు, బీమా, పన్నుతో సహా కూడి పన్నెండుతో భాగించాలి. మన ఫోటోగ్రాఫర్‌కు అది 75,000 వచ్చిందనుకుందాం. మాఘంలోనూ అంతే, ఆషాఢంలోనూ అంతే. మాఘంలో మిగిలింది ఖాతాలోనే ఉండి ఆషాఢానికి అక్కరకొస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి తప్పు జేబులో చెయ్యి పడుతుంది. హార్డ్ డిస్కు ఇంటి ఖాతాతో కొంటే, అది ఖర్చూ అవుతుంది, యజమాని మూలధనం తెచ్చినట్టూ అవుతుంది. కూరగాయలు పని ఖాతాతో కొంటే సొంతవాడకం. అటూ ఇటూ డబ్బు తిప్పి సరిచేయాలని చూడక్కర్లేదు. ఒక్క పద్దు రాస్తే సరిపోతుంది.

రాయడానికి నోటుపుస్తకమైనా చాలు, స్ప్రెడ్‌షీటు అయితే కూడిక తేలిక. తేదీ, వివరం, వచ్చింది, పోయింది, రకం అని ఐదు నిలువు గళ్లు చాలు. రకంలో ఆదాయం, అడ్వాన్సు, ఖర్చు, ఆస్తి, సొంతం, మూలధనం అనే ఆరు మాటల్లో ఒకటే రాయాలి. సగం సగం పద్దులైతే రెండు వరసలు రాయాలి. సొంతవాడకాల మొత్తం కావాలంటే:

```
=SUMIF(E:E,"సొంతం",D:D)
```

పాత ఏడాది లెక్క ఇప్పుడు విడదీయాలనుకునేవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంటు దించుకుని, వరసకో రకం రాసుకుంటూ పోవాలి. మొదట తేలికైనవి, అంటే అద్దె, ఫీజులు, కూలీలు, ప్రింటింగు ముగించాలి. అనుమానమున్నవి పక్కన పెట్టి చివర్లో చూడాలి. అప్పటికీ తేలనివి సొంతం.

తప్పు ఎక్కడ బయటపడుతుంది

ఏడాది చివర ఒక అంకె చూస్తే చాలు, సొంతవాడకాల మొత్తం. అది నెలకు ఐదు వేలని తేలితే ఆ పుస్తకం నమ్మదగినది కాదు. నలుగురున్న ఇల్లు విజయవాడలో అంతలో గడవదు. ఇంటి సరుకులో నగదో ఎక్కడో ఖర్చుల్లో కలిసిపోయింది, లేదా లెక్కకు రాని ఆదాయం ఉంది. పన్ను అధికారులు కూడా పరిశీలన చేసేటప్పుడు ఇంటికోసం తీసింది మరీ తక్కువగా ఉంటే, మరి ఇల్లెలా గడిచిందని అడుగుతారు.

ఇంకో గుర్తు నగదు నిల్వ. చేతిలో ఉన్న నగదు ఏ రోజూ సున్నాకంటే తగ్గకూడదు. లేని నోటును ఎవరూ ఖర్చుపెట్టలేరు. పుస్తకంలో అలా కనిపిస్తే వచ్చిన నగదు ఎక్కడో రాయలేదన్నమాట.

పన్ను సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 37వ సెక్షన్, సొంత ఖర్చు కాకుండా, ఆస్తి కొనుగోలు కాకుండా, పూర్తిగా పని కోసమే పెట్టిన ఖర్చుకు మాత్రమే ఒప్పుకునేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన 2025 చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ సూత్రం అదే. చిన్న వ్యాపారాలకూ కొన్ని వృత్తులకూ, ఖర్చుల పట్టిక చూపకుండా వసూళ్లలో ఇంత శాతం లాభమని ఒప్పుకుని పన్ను కట్టే అంచనా పద్ధతి కూడా ఉంది. తన పని ఏ కోవలోకి వస్తుందో ఆడిటరును అడిగి తెలుసుకోవాలి. అంచనా పద్ధతిలో ఉన్నవాళ్లకు స్కూలు ఫీజును ఖర్చులో కలిపినా పైసా పన్ను తగ్గదు. అయినా లెక్క ఎందుకు రాయాలంటే, చట్టం అంచనా వేసే లాభం పన్ను కోసం. నిజంగా వచ్చే లాభం ఎంతో మన పుస్తకమే చెప్పాలి.

"అన్నా, ఒక పది తగ్గించు"

అది దేనికి పనికొస్తుందో చివరిగా చూద్దాం. రెండు పెళ్లిళ్లకూ కలిపి నేరుగా అయిన ఖర్చు 1,12,000, మిగతా 20,000 సంస్థ వార్షికోత్సవానిది. అంటే పెళ్లికి 56,000. 1,10,000 ప్యాకేజీ మీద ఒక్కో పెళ్లికి 54,000 మిగులుతుంది.

ఏడాదికి ఇంటికి కావలసింది నెలకు 75,000 చొప్పున 9,00,000. పెళ్లిళ్లున్నా లేకున్నా అయ్యే పెట్రోలు, ఫోను, గది అద్దెలో పనివంతు 8,000, తరుగుదల 5,000, కలిపి నెలకు 13,000 చొప్పున 1,56,000. మొత్తం 10,56,000. దాన్ని 54,000తో భాగిస్తే దాదాపు ఇరవై. ఏడాదికి ఇరవై పెళ్లిళ్లు చేస్తే ఇల్లూ పనీ రెండూ నిలబడతాయి. ఇరవై పెళ్లిళ్లంటే వసూళ్లు 22 లక్షలు. మన రెండు రాష్ట్రాల్లోనూ సేవలకు జీఎస్టీ నమోదు హద్దు 20 లక్షలు, అది చూసేది లాభాన్ని కాదు, వసూళ్లను. ఆ సంగతి కూడా ముందే తెలిసిపోయింది.

ఇప్పుడు పెళ్లికూతురు తండ్రి వచ్చి, "అన్నా, ఒక పది వేలు తగ్గించు" అంటాడు. ఇంతకాలం మన ఫోటోగ్రాఫర్ ఖాతాలో ఎంతుందో చూసుకుని, లేదా మొహమాటపడి, సరే అనేవాడు. అందరికీ అలాగే తగ్గిస్తూ పోతే ఒక్కో పెళ్లికి మిగిలేది 44,000. 10,56,000ని దానితో భాగిస్తే ఇరవై నాలుగు. అదే ఇంటికోసం, అదే కూతురి ఫీజుకోసం ఏడాదికి ఇంకో నాలుగు రాత్రులు మేలుకోవాలి, ఇంకో నాలుగు ఆల్బమ్‌లు చేయాలి, అదీ అన్ని ముహూర్తాలు దొరికితే.

తగ్గించాలా వద్దా అన్నది అతని ఇష్టం. కానీ ఇంటి 75,000నూ పెళ్లి 56,000నూ విడివిడిగా రాసుకున్నాడు కాబట్టి, పది వేలంటే నాలుగు పెళ్లిళ్లని ఇవాళ అతనికి తెలుసు.